కిలుమా, చిలుమా? వెండి పట్టీల నలుపు

సందేహం: ప్రొద్దుటూరులో ఆక్సిడైజ్డ్ వెండి పట్టీలు కొన్నాను. ఏడాదికే మసకబారాయి. మా అమ్మ ‘కిలుము పట్టింది, తోము’ అంటుంది. మా అత్త ‘చిలుము’ అంటుంది. అంగడాయనేమో ‘తోమొద్దమ్మా, తుడవండి’ అన్నాడు. ఎవరి మాట సరైనది? – ఒక పాఠకురాలు, కడప జిల్లా

సమాధానం: కిలుము, చిలుము రెండూ తెలుగే. ఇ, ఎ అచ్చుల ముందున్న కకారం చకారంగా మారడం తెలుగులో చాలా పాత మార్పు. పక్కనున్న కన్నడంలో అది జరగలేదు. అందుకే వాళ్ల కెరె మనకు చెరువు, వాళ్ల కివి మనకు చెవి, వాళ్ల కిరు మనకు చిరు. ఇదే వరుసలో వాళ్ల కిలుబు మనకు చిలుము. మరి కిలుము అనే రూపం కూడా మన నోళ్లలో ఎందుకు నిలిచింది? పాత రూపమే మారకుండా మిగిలి ఉండవచ్చు. మడకశిర, రాయదుర్గం వైపు రెండు భాషలూ ఒకే వీధిలో వినిపిస్తాయి కాబట్టి, కన్నడం పొరుగున అది బలపడి కూడా ఉండవచ్చు. నేను తేల్చి చెప్పను. అమ్మ మాటను అత్త, అత్త మాటను అమ్మ దిద్దనక్కర్లేదు.

అయితే మీ పట్టీలకు పట్టింది మాత్రం కిలుము కాదు. రాగికి, ఇత్తడికి పట్టే ఆకుపచ్చదాన్నే మన పెద్దలు కిలుమన్నారు. ఇనుముకు పట్టేది తుప్పు. వెండి ‘నల్లబడుతుంది’, అంతే. పట్టీ కొక్కెం దగ్గర, అతుకుల్లో పచ్చని మచ్చ కనిపిస్తే దాన్ని కిలుమనండి, ఒప్పుకుంటాను. వెండిలో గట్టిదనం కోసం కలిపిన రాగి నుంచి వచ్చిందది.

‘ఆక్సిడైజ్డ్’ అనే మాటా సరిగ్గా అతకదు. ఆ నలుపు ఆక్సిజన్ వల్ల వచ్చింది కాదు, గంధకం వల్ల వచ్చింది. గంధకపు మందులో ముంచి, చెక్కడపు లోతుల్లో నలుపు నిలిపి, ఉబ్బెత్తు భాగాలకు మెరుగు పెడతారు. బీరువాలో ఊరికే పడి ఉన్నా వెండిపై చేరే మసక కూడా అదే పదార్థం. మీ చిక్కంతా ఇక్కడే ఉంది. కావాలని పెట్టిన నలుపును, అక్కర్లేని నలుపును ఏ మందూ వేరు చేయలేదు. అల్యూమినియం కాగితం, ఉప్పు, వంటసోడా వేసిన వేడినీళ్లలో ముంచితే వెండిని పట్టిన గంధకం అల్యూమినియానికి పోతుంది. పట్టీ తెల్లగా తేలుతుంది, కొన్న అందం పోతుంది. అంగట్లో అమ్మే ముంచుడు మందులూ అంతే.

కాబట్టి మీకు కావలసింది మందు కాదు, సరైన క్రియ. ఇప్పుడు వీడియోలన్నిటా అన్నిటికీ ‘క్లీన్ చేయడం’ ఒక్కటే. ఈ అలవాటు నాకు నచ్చదు. బోకులు తోముతాం, కాళ్లు కడుగుతాం, అద్దం తుడుస్తాం. తోమడంలో పొడి ఉంది, ఒరిపిడి ఉంది. విభూతి, టూత్‌పేస్టు, చింతపండు వేసి తోమితే లోతుల్లోని నలుపూ లేచిపోతుంది. అంగడాయన క్రియను సరిగ్గా ఎంచాడు.

ముందు కడగండి. గిన్నెడు గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి, రెండు నిమిషాలు ఉంచండి. రాళ్లు అతికించి ఉంటే నానబెట్టకండి, తడిబట్టతో సరిపెట్టండి. కాళ్లకు రాసుకున్న పసుపు మువ్వల సందుల్లో ఎండిపోతుంది. అది మురికే, మసక కాదు. పసిపిల్లల మెత్తని బ్రష్‌తో నెమ్మదిగా తీస్తే వస్తుంది. మంచినీళ్లలో జాడించి, మువ్వల్లో దాగిన నీళ్లు దులిపి, బట్టతో అద్ది, ఫ్యాను గాలికి పూర్తిగా ఆరనివ్వండి.

ఆ తర్వాతే తుడవడం. మెత్తని పాత పంచె ముక్క, లేదా వెండికని అమ్మే బట్ట చూపుడు వేలికి బిగుతుగా చుట్టి, ఉబ్బెత్తు పువ్వుల మీద మాత్రమే ఆడించండి. బట్ట లోతుల్లోకి దిగకూడదు. మొదట కొక్కెం వెనుక, ఎవరికీ కనబడని చోట చూసుకోండి. బట్టకు నలుపు అంటితే భయపడకండి, మసక వదిలేటప్పుడు అంటుతుంది. చూడవలసింది లోతుల్ని. అక్కడ నలుపు బూడిదరంగుకు తిరిగితే వెంటనే ఆపండి. ఉబ్బెత్తుల మీది పసుపు, గోధుమ ఛాయ పోతే మీ పని అయినట్టే. కాస్త తుడిచేసరికే నలుపు పొరగా ఊడితే అది పైపూత రంగు కావచ్చు, దాన్ని తుడవకండి, సబ్బునీళ్లతో కడగడంతోనే ఆపేయండి. లోతులు ఇప్పటికే తెల్లబడి ఉంటే ఇంట్లో ప్రయోగాలొద్దు, కంసాలి మళ్లీ నలుపు పెట్టగలడు.

దాచేటప్పుడు రబ్బరు బ్యాండు చుట్టకండి, రబ్బరులోనూ గంధకం ఉంటుంది. బాగా ఆరిన పట్టీలను గాలి చొరని చిన్న ప్లాస్టిక్ సంచిలో ఉంచండి. ఇక పట్టీలా, గొలుసులా, అందెలా అన్నది మీ ఊరివాళ్లు అనే మాటే.