‘ఆపేస్తున్నాను’ అని రాయండి, ‘ఆపగలరా’ అని అడగకండి

ప్రశ్న: పెట్టుబడి సలహాల కోసం ఒక సంస్థతో ఏడాది ఒప్పందం చేసుకున్నాను. ఆగస్టు 31తో అయిపోతుంది, నేను ఆపమని చెప్పకపోతే దానంతటదే ఇంకో ఏడాదికి పొడిగిస్తారట. నాకు ఆపేయాలని ఉంది, అందుకు 30 రోజుల ముందు లిఖితపూర్వకంగా చెప్పాలని ఒప్పందంలో రాసి ఉంది. ఇలాంటి లెటర్ ఎప్పుడూ రాయలేదు, ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ముందు తేదీ సంగతి చూద్దామండి, ఎందుకంటే మిగతాదంతా బాగా రాసినా ఇక్కడ తప్పితే ఇంకో ఏడాది ఫీజు కట్టాల్సి రావచ్చు. 30 రోజులు అనేది సాధారణంగా లెటర్ మీద మీరు వేసిన తేదీ నుంచి కాదు, అది వాళ్లకు అందిన రోజు నుంచి లెక్క. మీ ఒప్పందంలో ఏముందో ఆ పేరా తీసి చదవండి. ఆగస్టు 31 నుంచి 30 రోజులు వెనక్కి వెళ్తే ఆగస్టు 1. ఆ ఒక్క రోజు లెక్కలోకి వస్తుందా రాదా అన్న వాదన మనకెందుకు, జులై 20కల్లా అందేలా పంపేయండి. అందినట్టు సంతకం తీసుకునే పద్ధతిలో పంపి, ఆ రసీదు దాచుకోండి. లెటర్ మీద తేదీ వేసేటప్పుడు నెల పేరు అక్షరాల్లో రాయండి. 5/7 అంటే ఒకరికి జులై, ఇంకొకరికి మే.

తేదీ కింద సంస్థ పేరు, చిరునామా, ఆ తర్వాత రిఫరెన్స్. మీ కస్టమర్ నంబర్, ఒప్పందం నంబర్, సంతకం చేసిన తేదీ, ఈ మూడూ చాలు. వాళ్ల దగ్గర మీ పేరుతో ఇంకో నలుగురు ఉండొచ్చు కదా. మీకు వాళ్ల దగ్గర రెండు సేవలుంటే ఏది ఆపుతున్నారో కూడా ఈ నంబరే చెబుతుంది.

విషయం అనే లైన్‌లో ‘సేవల గురించి’ అని రాస్తే ఆ లెటర్ మామూలు ఉత్తరాల గుట్టలోకి పోతుంది. ‘ఒప్పందం రద్దు నోటీసు, ఆగస్టు 31తో ముగింపు’ అని రాయండి. చదివే గుమాస్తాకు లోపల చూడకుండానే అర్థమవ్వాలి.

ఇక అసలు లెటర్. కష్టాలు, కారణాలు ముందు రాసి చివర్లో ‘అందుకని...’ అంటూ విషయానికి రావడం మనందరికీ అలవాటు. ఇక్కడ అది తిరగేయాలి, మొదటి వాక్యంలోనే ముగింపు ఉండాలి. నేనే ఒకప్పుడు ఒక సంస్థకు మర్యాదగా ‘సభ్యత్వం కొనసాగించే ఉద్దేశం లేదు, ఏం చేయాలో చెప్పగలరు’ అని రాశాను. వాళ్లు దాన్ని వివరాలు అడిగే ఉత్తరంగా లెక్కేసి, ఒక ఫారం పంపి, ఆలోగా గడువు దాటిపోయిందన్నారు. తప్పు నాదే, ఆపేస్తున్నానని ఎక్కడా అనలేదు. మీ లెటర్ ఇలా ఉంటే చాలు:

‘పై ఒప్పందాన్ని ఆగస్టు 31తో ముగిస్తున్నాను, పొడిగింపునకు నా అంగీకారం లేదు. ఒప్పందంలోని రద్దు నిబంధన ప్రకారం ఈ నోటీసు ఇస్తున్నాను. ఏ కారణం చేతనైనా ఆ తేదీ కుదరదని మీరు భావిస్తే, నిబంధనల ప్రకారం వీలైన అతి దగ్గరి తేదీకి ఇది వర్తిస్తుంది. ముగింపు తేదీ తర్వాత నా ఖాతా నుంచి ఫీజు తీసుకోవడానికి ఇచ్చిన అనుమతిని, నా పెట్టుబడుల వివరాలు చూడటానికి ఇచ్చిన అనుమతిని ఉపసంహరించుకుంటున్నాను. ముగింపు తేదీని, చివరి బిల్లు వివరాలను ఆగస్టు 10లోగా రాతపూర్వకంగా తెలియజేయండి.’

ఇందులో మూడో వాక్యాన్ని వదిలేయకండి. లెక్కలో ఒక రోజు తేడా వచ్చినా నోటీసు చెల్లదని పక్కన పెట్టేయకుండా అదే కాపాడుతుంది. కారణం రాయలేదేంటి అంటారా? గడువు తీరాక ఆపడానికి మామూలుగా కారణం అక్కర్లేదు, రాస్తే ‘ఆ సమస్య తీరుస్తాం, ఉండండి’ అని ఫోన్లు మొదలవుతాయి. వాళ్ల తప్పు వల్ల గడువుకు ముందే ఆపుతుంటే మాత్రం ఏ రోజు ఏం జరిగిందో రాయాల్సిందే, అది వేరే రకం లెటర్.

చివర్లో ‘ఇట్లు’ అని, ఒప్పందంలో ఉన్నట్టే పూర్తి పేరు, దాని పైన సంతకం. ‘మీ జవాబు కోసం ఎదురుచూస్తూ’ లాంటివి వద్దు, మీరు అనుమతి అడగట్లేదు కదా. ఒప్పందం మీతోపాటు ఇంకొకరి పేరు మీద కూడా ఉంటే ఇద్దరూ సంతకం పెట్టాలి, ఒక్క సంతకంతో పంపి వెనక్కి తిప్పించుకున్నవాళ్లు ఉన్నారు.

బ్యాంకులో ఆటో డెబిట్ ఆపేస్తే పనైపోతుంది అనుకోకండి, ఒప్పందం అలాగే ఉండి బకాయి పేరుకుంటుంది. చివరి బిల్లు కట్టాక బ్యాంకుకు విడిగా చెప్పి ఆపించండి. ఆగస్టు 10 నాటికి జవాబు రాకపోతే అదే లెటర్ కాపీకి అందిన రసీదు జతచేసి మళ్లీ పంపండి, తేదీలు మాత్రం మార్చకండి.