టెస్ట్ పైల్ 14 మి.మీ. దిగింది, పరిమితి 12. రిపోర్టులో ఏం రాయాలి?

> "600 మి.మీ. బోర్డ్ పైల్, పొడవు 20 మీటర్లు. 1500 కి.న్యూ. దగ్గర 4 మి.మీ., 1800 దగ్గర 11, 2250 దగ్గర 14. లోడ్ తీసేశాక 4 మి.మీ. వెనక్కి వచ్చింది. కాంక్రీట్ చెడిందా?"

ఈ అంకెలు కాంక్రీట్ చెడిందని చూపడం లేదండి. E 30 గిగాపాస్కల్ అనుకుంటే, 2250 లోడంతా అడుగుకి చేరితే పైల్ కుదింపు PL/AE = 5.3 మి.మీ. వస్తుంది, ఘర్షణే సమంగా మోస్తే అందులో సగం. వెనక్కి వచ్చిన మీ 4 మి.మీ. ఆ మధ్యలోనే ఉంది. మిగిలిన 10 మి.మీ. శాశ్వతంగా దిగినదే.

అసలు సంగతి కర్వ్ ఆకారంలో ఉంది. 1500-1800 మధ్య ఒక్కసారిగా 7 మి.మీ. జారి, తర్వాత 450 కి.న్యూ.కి మూడే దిగింది. మట్టి బలం అయిపోతే కర్వ్ కిందికే పోతుంది, ఇలా మళ్లీ గట్టిపడదు. అడుగున మిగిలిన బురద నలిగి, కింది గట్టి పొరను పైల్ అందుకున్నట్టుంది. ముందు నాలుగు డయల్ గేజీలూ విడివిడిగా చూడండి. ఒకటే ఎగిరితే అది ఒరగడమో, గేజీ జరగడమో.

కారణం దొరికినా రిపోర్టులో ఫలితం "పరిమితి దాటింది" అనే రాయాలి. రెండోసారి లోడ్ చేస్తే తక్కువే దిగుతుంది కానీ, అది టెస్ట్ చేయని పైల్స్‌కి వర్తించదు. వాటికి కాంక్రీట్ పోసే ముందు, ట్రెమీ దించాక, లోతు మళ్లీ కొలిచిన రికార్డులు తీయించి డిజైనర్‌కి పంపండి.