టెలిగ్రామ్ ఆప్షన్స్ కాల్స్‌కు డబ్బు కట్టవచ్చా?

నెలకు 3,000 కడితే రోజూ కాల్స్ ఇస్తారట, ఇంకొకరిని చేర్పిస్తే కమీషన్ కూడా ఉందట. లాభాల స్క్రీన్‌షాట్లు చూశాను. నమ్మవచ్చా?

కట్టకండి. 1,000 మంది చేరితే కాల్స్ ఇచ్చేవారికి ట్రేడింగ్ చేయకుండానే నెలకు 30 లక్షలు వస్తాయి. మీ కమీషన్ కూడా కొత్త సభ్యుడు కట్టిన రుసుములోనిదే కాబట్టి, చేరికలు తగ్గగానే అదీ ఆగిపోతుంది.

ఇక కాల్ సంగతి చూడండి. "100 దగ్గర కొనండి, టార్గెట్ 120, స్టాప్‌లాస్ 90" అన్న మెసేజ్ రాగానే, లావాదేవీలు పలుచగా ఉన్న ఆ ఆప్షన్‌పై అందరూ ఒకేసారి పడితే, మీ ఆర్డర్ 108 దగ్గర పూర్తి కావచ్చు. అప్పుడు గెలిస్తే 12, ఓడితే 18. కాగితం మీద మూడింట ఒక కాల్ ఫలించినా నష్టం లేని పద్ధతిలో, మీకు మాత్రం అయిదింట మూడు ఫలిస్తేగాని పెట్టిన సొమ్ము దక్కదు. బ్రోకరేజీ, పన్నులు అదనం. స్క్రీన్‌షాట్‌లో ఉండేది ఆ 100 ధరే.

స్క్రీన్‌షాట్లు కాక, నష్టపోయినవాటితో సహా ఆరు నెలల కాల్స్‌ను సమయాలతో అడగండి. రీసెర్చ్ అనలిస్టులకు సెబీ ఇచ్చే, INH తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరును సెబీ వెబ్‌సైట్‌లో వెతికి, అక్కడి పేరూ డబ్బు వెళ్లే ఖాతా పేరూ ఒకటేనా చూడండి. రాబడికి హామీ ఇస్తే అక్కడే ఆగిపోండి, సెబీ నిబంధనలు దాన్ని అనుమతించవు.