డెఫ్ ట్యాంకు నిండుగానే ఉంది, లారీ మాత్రం లాగడం లేదు

"సార్, మా లారీ మీటర్‌లో ముందు పసుపు లైటు వెలిగింది. తర్వాత DEF QUALITY POOR అని, ఇప్పుడు ENGINE POWER REDUCED అని వస్తోంది. లోడుతో ఎత్తు ఎక్కడం లేదు. ట్యాంకులో డెఫ్ బాగానే ఉంది. పాతది మంచిది కాదేమోనని వేరే కంపెనీ డెఫ్ 20 లీటర్లు పోశాం, తేడా లేదు. స్కానర్ పెడితే SPN 3364, SPN 4334, SPN 4364 అని మూడు కోడ్లు. ట్యాంకు సెన్సార్, నాక్స్ సెన్సార్ రెండూ మార్చాలంటున్నారు. మార్పించమంటారా?"

ఇప్పుడే ఏదీ మార్పించకండి. మూడు కోడ్లు వచ్చినంత మాత్రాన మూడు రిపేర్లు ఉన్నట్టు కాదు. డెఫ్ అంటే పొగలోని విషవాయువులను తగ్గించడానికి పొగలోకి చిమ్మే యూరియా ద్రవం. 3364 ఆ డెఫ్ నాణ్యతది. 4334 డెఫ్ ప్రెషర్‌ది. 4364 వచ్చిందంటే సైలెన్సర్ లోపలి క్యాటలిస్ట్ పొగలోని నాక్స్ అనే విషవాయువును తగ్గించాల్సినంత తగ్గించడం లేదని అర్థం. డెఫ్ పలచబడినా, పడాల్సినంత పడకపోయినా చివరికి ఈ 4364 రావాల్సిందే. అందుకే స్కానర్‌లో ప్రతి కోడ్ పక్కన ఉండే ఇంజిన్ గంటలు చూడమనండి. ఏది ముందు వచ్చిందో దాని దగ్గర నుంచి వెతకడం మొదలుపెట్టాలి. కోడ్లు చెరిపేశాక ఆ వివరం దొరక్కపోవచ్చు, కాబట్టి ముందే ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

ఇక 20 లీటర్లు పోసినా తేడా ఎందుకు లేదో చూద్దాం. డెఫ్‌లో బరువు లెక్కన 32.5 శాతం యూరియా ఉంటుంది, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు. ఆమోదించే హద్దు 31.8 నుంచి 33.2 దాకా. మీ ట్యాంకులో 60 లీటర్లు ఉండి, ఎలాగో నీళ్లు కలిసి 27 శాతానికి పడిపోయిందనుకోండి. దాని మీద 20 లీటర్ల మంచి డెఫ్ పోస్తే సుమారు 28.4కి చేరుతుంది, అంతే. హద్దుకి ఇంకా చాలా కిందే. పలచబడిన ట్యాంకును పైనుంచి పోసి బాగుచేయడం కుదరదు. మొత్తం దించేసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కొత్తది నింపాల్సిందే. కుళాయి నీళ్లతో మాత్రం కడగొద్దు, అందులోని ఉప్పులు క్యాటలిస్ట్‌కి పడవు.

పలచబడిందో లేదో తెలుసుకోవడానికి డెఫ్ స్కేలు ఉన్న చేతి రిఫ్రాక్టోమీటర్ చాలు. చక్కెర కొలిచేదాని మీద అంకెలు వేరు, అది పనికిరాదు. ముందు డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి సున్నాకి సరిచేయండి. తర్వాత లారీ ట్యాంకులోంచి తీసిన డెఫ్ చుక్క వేసి, వెలుతురు వైపు పెట్టి, నీలం తెలుపు కలిసే గీత ఎక్కడ నిలిచిందో చూడండి. చాలామంది క్యానులో ఉన్నది కొలిచి, బాగానే ఉందని తీర్మానించేస్తారు. లారీ తాగుతున్నది క్యానులోది కాదు కదా! ఒక హెచ్చరిక: డీజిల్ కలిసిన సంగతి ఈ పరికరం చెప్పకపోవచ్చు. వాసన చూడండి, పైన నూనె తెట్టు ఉందేమో చూడండి. డీజిల్ పడి ఉంటే ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే వర్క్‌షాప్‌కి చెప్పండి, లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి.

చేతి కొలత 32.5 చూపిస్తే ఇక సెన్సార్ మాట. స్కానర్ లైవ్ డేటాలో డెఫ్ గాఢత ఎంత చూపిస్తోందో దానితో పోల్చండి. ఈ సెన్సార్‌కి యూరియా రుచి తెలియదు. చాలావాటిలో అది ద్రవంలోకి శబ్ద తరంగం పంపి, తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి, వేడిని కూడా లెక్కలో వేసుకుని గాఢతను అంచనా వేస్తుంది. కాబట్టి ఇప్పుడే పోసిన డెఫ్‌లో నురగ ఉంటే పొరబడుతుంది. చేతిలో 32.5, స్క్రీన్ మీద 24 అని వస్తే ఓ అరగంట కదపకుండా ఉంచి మళ్లీ చూడండి. అప్పుడూ అదే 24 అయితే సెన్సార్ మీద అనుమానం న్యాయమే. అయినా ముందు దాని కనెక్టర్ విప్పి, లోపల తెల్ల పొడి పట్టిందేమో చూసి, అప్పుడు మార్చండి.

నాకు తెలిసిన ఒకరి లారీ కథ అచ్చంగా మీదే. అవే మూడు కోడ్లు, అదే సలహా. చేతి కొలత 32.5 వచ్చింది. లైవ్ డేటాలో చూస్తే గాఢత అనే వరుసే లేదు. ట్యాంకులో ఉన్న సెన్సార్ మట్టం, వేడి మాత్రమే చూసేది. అంటే ఆ లారీలో నాణ్యత కోడ్ ఎవరూ కొలిచి చెప్పింది కాదు. నాక్స్ తగ్గడం లేదు కాబట్టి డెఫ్ చెడి ఉండొచ్చని ఇంజిన్ కంప్యూటర్ అయిన ఈసీయూ ఊహించింది. ఆ ఊహని నమ్మి ట్యాంకు సెన్సార్ కొంటే ఏం ఒరుగుతుంది?

గంటలు చూస్తే 4334 ముందు వచ్చింది, మిగతా రెండూ దాని వెనకాల. వర్క్‌షాప్ సాఫ్ట్‌వేర్‌లో డోసింగ్ టెస్ట్ ఉంటుంది. ఇంజెక్టర్ విప్పి కొలత జార్‌లో పెడితే, నిర్ణీత సమయం పాటు డెఫ్ చిమ్మిస్తుంది. పడిన మిల్లీలీటర్లను సర్వీస్ మాన్యువల్ అంకెతో పోల్చాలి. వాళ్లకి సగం కూడా పడలేదు. పంపు ఫిల్టర్ తీస్తే గట్టిపడిన తెల్ల అట్ట, ఇంజెక్టర్ మూతి మీద పగడంలా పేరుకున్న స్ఫటికాలు. ఫిల్టర్ మార్చారు. ఇంజెక్టర్‌ని గోరువెచ్చని నీళ్లలో నానబెడితే స్ఫటికాలు కరిగాయి. తీగ పెట్టి గోకితే ఆ సన్న రంధ్రం పాడవుతుంది, ఆ పని ఎవరినీ చేయనివ్వకండి. నాక్స్ సెన్సార్ జోలికి వెళ్లే అవసరమే రాలేదు. ప్రెషర్, డోసింగ్ రెండూ సరిగ్గా ఉన్నాక కూడా 4364 వస్తుంటేనే దాన్ని అనుమానించాలి.

స్ఫటికాలు ఎందుకు పట్టాయో అడిగితే డ్రైవర్ చెప్పాడు: ఇంజిన్ ఆపగానే బ్యాటరీ మెయిన్ స్విచ్ కట్టేసే అలవాటు. ఇంజిన్ ఆగాక డెఫ్ పంపు ఇంకాసేపు తిరిగి, పైపుల్లో మిగిలినదాన్ని వెనక్కి ట్యాంకులోకి లాగుతుంది. మధ్యలో కరెంటు తీసేస్తే ఆ డెఫ్ వేడి ఇంజెక్టర్ దగ్గరే ఆరిపోయి గట్టిపడుతుంది. పంపు శబ్దం పూర్తిగా ఆగాకే స్విచ్ కట్టేయాలి.

పవర్ ఎప్పుడు తిరిగొస్తుందంటారా? యూరో 6 నిబంధనల ప్రకారం నాణ్యత లోపం కనిపించాక 10 ఇంజిన్ గంటల్లో సరిచేయకపోతే టార్క్ దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. 20 గంటలు దాటితే వేగాన్ని గంటకు 20 కిలోమీటర్లకు కట్టేసే దశ వస్తుంది. కోడ్లు చెరిపేసినంత మాత్రాన ఈ లెక్క తీరదు. అదే లోపం త్వరలోనే మళ్లీ కనిపిస్తే గడియారం ఆగిన చోటు నుంచే తిరుగుతుంది. రిపేర్ అయ్యాక లోడుతో నడిపి పొగ బాగా వేడెక్కనివ్వాలి, సుమారు 200 డిగ్రీలు దాటితే గానీ డోసింగ్ మొదలు కాదు. కొన్ని లారీల్లో డోసింగ్ సరిగ్గా ఉందో లేదో బండి నిలబెట్టి వర్క్‌షాప్ సాఫ్ట్‌వేర్‌తోనే పరీక్ష చేయించాలి. ఈ లోపు ఎవరైనా ఎమ్యులేటర్ డబ్బా తగిలించి కోడ్లు మాయం చేస్తామంటే వద్దనండి. అది ఈసీయూకి అబద్ధం చెబుతుంది తప్ప ఫిల్టర్‌ని శుభ్రం చేయదు.