ఆఖరి డిమాండ్ నోటీసు: మొత్తం, గడువు, తర్వాత జరిగేది ఎలా రాయాలి

ప్రశ్న: మాది గుంటూరులో ప్యాకింగ్ కవర్లు తయారుచేసే చిన్న యూనిట్. హైదరాబాద్ పార్టీ దగ్గర 4 లక్షల పైన ఆగిపోయింది, రెండేళ్లు దాటింది. ఫోన్ చేసిన ప్రతిసారీ వచ్చే వారం అంటారు. కేసు వేసే ముందు ఆఖరి నోటీసు ఎలా రాయాలి? లాయర్ చేతే పంపించాలా?

జవాబు:

నోటీసు రాయడానికి కూర్చునే ముందు మీ అన్నిటికంటే పాత బిల్లు తీసి తేదీ చూడండి. రెండేళ్లు దాటిందన్నారు కాబట్టి ఇది అర్జెంటు. సరుకు డబ్బు కోసం దావా వేయడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చేది మూడేళ్లు. అప్పు గడువు మాట్లాడుకుని ఉంటే ఆ గడువు తీరిన రోజు నుంచి, లేకపోతే సరుకు అందిన రోజు నుంచి లెక్క. నోటీసు పంపితే ఈ గడియారం ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. మూడేళ్లు పూర్తయ్యేలోపు పార్టీ బాకీ ఉన్నట్టు రాసి సంతకం పెట్టి ఇస్తే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. కొంత డబ్బు కట్టి, అది కట్టినట్టు వాళ్ల చేతిరాతో సంతకమో ఉన్న కాగితం ఉన్నా అంతే. ఫోన్‌లో "వచ్చే వారం" అన్న మాటకు ఆ విలువ లేదు.

మాది విజయవాడలో అట్టపెట్టెల యూనిట్. 2023లో ఒక ఆహార పదార్థాల కంపెనీకి ఏప్రిల్ నుంచి జులై దాకా నెలాఖరున ఒకటి చొప్పున నాలుగు బిల్లులు వేశాం: 1,85,200, 1,64,000, 2,00,000, 1,63,200. మొత్తం 7,12,400. సెప్టెంబరు మధ్యలో లక్ష వేశారు. ఆ తర్వాత ఏమీ రాలేదు. మొదటి లోడులో కొన్ని పెట్టెలు తడిసి దెబ్బతిన్నాయని 18,600కు డెబిట్ నోట్ పంపి ఉన్నారు.

ఆ 18,600ను నోటీసులో వదిలేయకూడదని నేను గట్టిగా పట్టుబట్టాను. పెట్టెలు తడిసిన ఫొటోలు చూశాం, మావాళ్లు ఒప్పుకున్నారు కూడా. అది తగ్గించకుండా 6,12,400 అడిగితే అవతలి లాయరు రాసే మొదటి వాక్యమే "లెక్క తప్పు, సరుకు నాణ్యతపై వివాదం ఉంది" అని. ఆ ఒక్క వాక్యంతో తేల్చుకోవాల్సిన బాకీ కాస్తా నెలల తరబడి నడిచే తగవు అవుతుంది. మనమే తగ్గించి, "మీ డెబిట్ నోట్ ప్రకారం తగ్గించాం" అని రాస్తే వాళ్లకు ఆ దారి మూసుకుపోతుంది. అసలు 5,93,800గా తేలింది. మీరు కూడా పార్టీ లెడ్జర్‌ను మీ లెడ్జర్ పక్కన పెట్టి ఒక్కో ఎంట్రీ సరిచూసుకోండి. ప్రతి బిల్లుకూ వాళ్ల గేటు స్టాంపు ఉన్న డెలివరీ చలానో, లారీ రసీదో, ఈ-వే బిల్లో ఉండాలి. ఏ బిల్లుకు అది లేదో ముందే తెలిస్తే మంచిది.

ఇక వడ్డీ. మీరు తయారీదారులు, సూక్ష్మ లేదా చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం మీ చేతిలో ఉన్న అసలు ఆయుధం. పర్చేజ్ ఆర్డర్ మీద 60 రోజులో 90 రోజులో అని రాసుకున్నా చట్టం ఒప్పుకునేది గరిష్ఠంగా 45 రోజులే. గడువేమీ రాసుకోకపోతే సరుకు అంగీకరించిన రోజు నుంచి 15 రోజులు. అది దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించిన బ్యాంక్ రేటుకు మూడింతల చొప్పున, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. మా కేసు నడిచిన కాలంలో బ్యాంక్ రేటు 6.75 శాతం, అంటే వడ్డీ ఏడాదికి 20.25 శాతం, నెలకు 1.6875 శాతం. 2 లక్షల బిల్లు మీద పన్నెండు నెలలకు సుమారు 44,480 రూపాయలు వచ్చింది. మామూలు వడ్డీ వేస్తే 40,500 మాత్రమే. 2025లో బ్యాంక్ రేటు చాలాసార్లు తగ్గింది కాబట్టి మీరు నెలవారీ లెక్క వేసేటప్పుడు అప్పటప్పటి రేటు చూసుకోవాలి. ఈ లెక్క ఒక ఎక్సెల్ షీటులో వేసి నోటీసుకు జతచేయండి. బిల్లు తేదీ, గడువు తీరిన తేదీ, రేటు, నెల వడ్డీ వరసగా కనిపించాలి. అవతలి అకౌంటెంట్ ఆ షీటు చూసి తన షీటుతో సరిచూసుకోగలిగితే సగం పని అయినట్టే.

గడువు విషయంలో నాది ఒకటే మాట: "ఏడు రోజుల్లోగా" అని రాయొద్దు. నోటీసు ఏ రోజు అందింది, అందిన రోజు లెక్కలోకి వస్తుందా అని వాదన మొదలవుతుంది. తేదీ, వారం, వేళ రాయండి. మేము 2024 ఆగస్టు 19, సోమవారం పంపి, సెప్టెంబరు 6, శుక్రవారం సాయంత్రం 5 గంటలలోపు డబ్బు మా ఖాతాలో పడాలని రాశాం. మర్నాడు వినాయక చవితి, ఆ తర్వాత ఆదివారం. ఆ వారాంతం దాకా సాగదీస్తే సెలవులంటూ ఇంకా జరుపుతారని ముందు రోజే పెట్టాం. నోటీసు చేరి, వాళ్ల డైరెక్టరు, ఆడిటరు మాట్లాడుకోవడానికి రెండు వారాలపైన సమయం చాలు. మరీ మూడు రోజులిస్తే అది బెదిరింపులా కనిపిస్తుంది.

తర్వాత ఏం చేస్తామన్నది రాసేటప్పుడే చాలా నోటీసులు పాడవుతాయి. మా లాయరుగారి దగ్గరికి వచ్చే కొన్ని ముసాయిదాలు చూశాను. 5 లక్షల బాకీకి "ఎన్‌సీఎల్‌టీలో దివాలా ప్రక్రియ వేస్తాం" అని, అంటే కంపెనీల ట్రైబ్యునల్‌కు వెళ్తామని ఉంటుంది. 2020 మార్చి నుంచి దానికి కనీస బాకీ కోటి రూపాయలు. "420 కేసు పెడతాం" అని ఉంటుంది. సరుకు తీసుకుని డబ్బు కట్టలేకపోవడం ఒక్కటే మోసం నేరం కాదు. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉన్నట్టు చూపాలి. ఇలాంటి మాట ఒక్కటి కనిపించినా అవతలి లాయరు మిగతా కాగితమంతా ఒట్టిదే అనుకుంటాడు. మీరు నిజంగా చేయగలిగేది, చేయడానికి సిద్ధపడ్డది మాత్రమే రాయండి.

మా నోటీసు ఇంగ్లీషులో పంపాం. దాని గుండెకాయ లాంటి భాగం తెలుగులో ఇలా ఉంటుంది:

"జతచేసిన నాలుగు బిల్లుల మొత్తం రూ. 7,12,400లో మీరు చెల్లించిన రూ. 1,00,000, మీ డెబిట్ నోట్ రూ. 18,600 తగ్గించగా అసలు బాకీ రూ. 5,93,800. జతచేసిన పట్టిక ప్రకారం 15.8.2024 వరకు వడ్డీ రూ. 1,41,090. మొత్తం రూ. 7,34,890. ఈ మొత్తం 6.9.2024, శుక్రవారం సాయంత్రం 5 గంటలలోపు కింది ఖాతాకు జమ కావాలి. జమ కాని పక్షంలో, మీకు మరో లేఖ రాయకుండా, 9.9.2024న సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందు ఎంఎస్ఎంఈడీ చట్టం 18వ సెక్షన్ కింద దరఖాస్తు దాఖలు చేస్తాం. చెల్లించే రోజు వరకు వడ్డీ కొనసాగుతుంది. లెక్కలో ఏ ఎంట్రీపైనైనా అభ్యంతరం ఉంటే అదే గడువులోగా ఆధారంతో రాతపూర్వకంగా తెలపండి."

చివరి వాక్యాన్ని తేలిగ్గా తీసుకోకండి. అభ్యంతరం ఉంటే రాయమని అడిగినా వాళ్లు మౌనంగా ఉంటే, తర్వాత కౌన్సిల్ ముందు కొత్తగా నాణ్యత కథ చెప్పినప్పుడు అదే మీకు అక్కరకొస్తుంది.

చిన్న సంస్థల బాకీ తగవులు తేల్చే ఈ కౌన్సిల్ దారి ఎందుకంటే, సరఫరాదారు ఉన్న చోటి కౌన్సిల్‌కే అధికారం ఉంటుంది. మీరు హైదరాబాద్ వెళ్లక్కర్లేదు, ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌కే వేయొచ్చు. ముందు రాజీకి ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్. తీర్పు మీకు అనుకూలంగా వస్తే దాన్ని సవాలు చేయాలంటే పార్టీ 75 శాతం డిపాజిట్ చేయాలి. చట్టం 90 రోజులంటుంది కానీ ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుందని మనసులో పెట్టుకోండి.

దీనితోపాటు ఒక వాక్యం వాళ్ల అకౌంట్స్ మనిషి కోసం కలిపాం. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 43బి(హెచ్) కింద వచ్చిన నియమం ప్రకారం చిన్న తయారీదారుకు గడువులోగా కట్టని డబ్బును నిజంగా కట్టిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోగలరు. బిల్లు తేదీ నుంచి 180 రోజులు దాటినా కట్టకపోతే దాని మీద తీసుకున్న జీఎస్‌టీ ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి కట్టాలి. బెదిరింపుగా కాదు, ఉన్నది ఉన్నట్టు రాశాం. మాకు మొదటి ఫోన్ వచ్చింది డైరెక్టర్ నుంచి కాదు, వాళ్ల ఆడిటర్ నుంచి.

లాయరు తప్పనిసరి కాదు. మీ లెటర్‌హెడ్ మీద, యజమాని సంతకంతో పంపినా చెల్లుతుంది. పంపే ముందు లాయరుకు ఒకసారి చూపించండి, చాలు. చెక్కు బౌన్సయి ఉంటే మాత్రం దాన్ని ఇందులో కలపకండి. ఆ నోటీసు బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోగా వెళ్లాలి, అందుకున్నాక వాళ్లకు కట్టడానికి 15 రోజులు ఉంటాయి. అది లాయరు చేతే విడిగా రాయించండి.

పంపేది రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు, సరుకు దింపిన ఫ్యాక్టరీకి, ఈమెయిల్‌కు కూడా. రిజిస్టర్డ్ పోస్ట్ 2025లో స్పీడ్ పోస్ట్‌లో కలిసిపోయింది, కాబట్టి డెలివరీ రుజువు అడిగి తీసుకోండి. తీసుకోకుండా తిప్పి పంపితే ఆ కవరు విప్పకుండా అలాగే దాచండి.

మాకు గడువుకు రెండు రోజుల ముందు "4 లక్షలకు ముగించేద్దాం" అన్నారు. ఒప్పుకోలేదు. అసలు మొత్తం, వడ్డీ కింద 60,000, కలిపి 6,53,800 మూడు వాయిదాల్లో అన్నాం. వడ్డీ వదులుకోవడం బాధే, కానీ అసలు పూర్తిగా చేతికి రావడం మాకు ముఖ్యం. అయితే మాట మీద ఆపలేదు. వాళ్ల లెటర్‌హెడ్ మీద "5,93,800 బాకీ ఉన్నాం" అని, ఒక్క వాయిదా తప్పినా వడ్డీ మొత్తం తిరిగి వర్తిస్తుందని రాయించి, డైరెక్టర్ సంతకం తీసుకున్నాకే సోమవారం దాఖలు ఆపాం. మొదటి వాయిదా 2,53,800 గడువు రోజునే ఆర్‌టీజీఎస్‌లో వచ్చింది, మిగతావి చెప్పిన తేదీలకు వచ్చాయి. రాకపోయి ఉంటే దరఖాస్తు ముసాయిదా సిద్ధంగానే ఉంది. గడువు దాటాక మళ్లీ "ఆఖరి" నోటీసు పంపేవాళ్లను పార్టీలు పట్టించుకోవు.

మీ ఉద్యమ్ సర్టిఫికెట్ తేదీ ఆ సరుకు పంపిన తేదీలకు ముందుదేనా చూసుకోండి. తర్వాతది అయితే కౌన్సిల్ దారిలో అభ్యంతరం వస్తుంది, దాని మీద కోర్టుల్లో వాదనలు నడిచాయి. అప్పుడు 3 లక్షలు దాటిన బాకీ కాబట్టి కమర్షియల్ కోర్టే దారి, దానికి ముందు న్యాయసేవాధికార సంస్థ ద్వారా మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి. నోటీసులో ఏ దారి రాయాలన్నది దాని మీదే ఆధారపడుతుంది. సర్టిఫికెట్ తేదీ, పాత బిల్లు తేదీ రెండూ ఇక్కడ పెడితే మీ నోటీసు వాక్యం ఎలా ఉండాలో చెప్తాను.