చదివింపుల కవర్లో చీటీ

తమ్ముడూ,

నీ స్నేహితుడి పెళ్లికి కవర్లో పెడదామని రాసిన కాగితం చూశాను. “చిలకాగోరింకల్లా నూరేళ్లు చల్లగా ఉండాలి” అన్నది కొట్టేశాను. ఆ ముక్క ఊళ్లో కట్టిన ఫ్లెక్సీ మీద ఎలాగూ ఉంటుంది. “హాస్టల్లో గడిపిన మధుర క్షణాలు మరువలేనివి” అన్నదీ కొట్టేశాను. ఏ క్షణాలు? కింద నీ పేరు తీసేసి ఎవరి పేరు పెట్టినా అతికిపోతుంది.

రాసేముందు ఆ కవరు ఎవరి చేతిలో తెరుచుకుంటుందో ఆలోచించు. మండపంలో పెళ్లికొడుకు దాన్ని అందుకుని పక్కనున్నవాళ్లకు ఇచ్చేస్తాడు, అది సంచిలోకి పోతుంది. పెళ్లయ్యాక ఏ రాత్రో ఇంట్లో అందరూ చాప మీద కూర్చుంటారు. ఒకరు కవరు చించి పేరు చదువుతారు, ఒకరు డబ్బు లెక్కపెడతారు, ఇంకొకరు చదివింపుల పుస్తకంలో రాస్తారు. రేపు మీ ఇంట్లో శుభకార్యమైతే వాళ్లు తిరిగి చదివించాలి కదా, అందుకు ఆ లెక్క. మధ్యలో చీటీ దొరికితే “ఏదీ, చదువు చదువు” అంటారు. అంటే నీ చీటీని వాళ్ల నాన్న, మేనత్త, కొత్త కోడలు అందరూ ఒకేసారి వింటారన్నమాట. నువ్వు రాసిన సెకండ్ షో గోడ దూకుడు, ఎవరో అమ్మాయి కోసం బస్టాండులో కాపలా, ఈ రెండూ అక్కడ చదవదగ్గవి కావు. నవ్వుకోవడానికి మీ ఇద్దరికీ ఫోన్లున్నాయి.

మరి ఏది రాయాలి? నీ ఉత్తరంలోనే ఉంది, నువ్వే పట్టించుకోలేదు. సెకండియర్లో నీకు అమ్మవారు పోసినప్పుడు రూమ్‌లో మిగతావాళ్లు పరుపులు చుట్టుకుని పోతే ఇతనొక్కడే ఉండిపోయాడని ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. “నాకు చిన్నప్పుడే పోసిందిలేరా, మళ్లీ రాదు” అన్నాడట. తర్వాత వాళ్లమ్మగారు వచ్చి, వీడికి ఎప్పుడూ పోయలేదే అని గుండెలు బాదుకున్నారట. అది రాయి. తను ఎవరిని చేసుకుందో ఆ పెళ్లికూతురికి తెలియాలంటే “మావాడు మంచివాడు” అంటే సరిపోదు, అతనాడిన ఆ అబద్ధం సంగతి చెప్పాలి.

ఇక ఆమె సంగతి. కవరు మీద ఇద్దరి పేర్లూ రాసి లోపల ఒక్కడితోనే మాట్లాడితే ఆమె పక్కన నిలబడ్డ మనిషి అయిపోతుంది. ఆమెను నువ్వు చూసింది నిశ్చితార్థంలో ఒక్కసారే అన్నావు. చాలు. బస్సు లేటై నువ్వు వెళ్లేసరికి బంతులు లేచిపోతే, ఆమె లోపలికెళ్లి నీకు విస్తరి వేయించింది కదా. పేరు పెట్టి పిలవలేవు కాబట్టి చెల్లెమ్మా అను, మీరు అనే రాయి. నేనైతే ఇలా రాస్తాను:

“ఒరేయ్, సెకండియర్లో నాకు అమ్మవారు పోసినప్పుడు నీకు చిన్నప్పుడే పోసిందని చెప్పి నా మంచం పక్కనే పడుకున్నావు. మెస్ నుంచి క్యారియర్లో పెరుగన్నం తెచ్చిపెట్టావు. అది అబద్ధమని మీ అమ్మగారు చెప్పేదాకా నాకు తెలియదు. చెల్లెమ్మా, నిశ్చితార్థం రోజు నేను ఆలస్యంగా వస్తే, వంటవాళ్లు గిన్నెలు సర్దేస్తున్నా ఆపి నాకు అన్నం పెట్టించారు. మీ ఇద్దరి ఇంటికి ఎప్పుడొచ్చినా ఆకలితో పోనని నాకు ధైర్యం. చల్లగా ఉండండి.”

దీవెన చివర ఒక్క మాటే ఉందని చూశావా? పైన రెండు సంగతులూ చెప్పాక అంతకంటే అక్కర్లేదు. “నువ్వు త్యాగమూర్తివి” లాంటి మాట ఒక్కటి చేర్చినా వినేవాళ్లకు ఇబ్బందిగా ఉంటుంది, వాడికైతే మరీనూ. ఇంకో రెండు జ్ఞాపకాలు కలుపుదామనీ అనుకోకు. లెక్క మధ్యలో చదివే కాగితం, అరపేజీ దాటితే “తర్వాత చూద్దాంలే” అని పక్కన పడేస్తారు.

డబ్బు ఊసు చీటీలో వద్దు. ఐదువందల పదహార్లో, వెయ్యిన్నూటపదహార్లో, అది పుస్తకంలోకి వెళ్తుంది. కవరు చించగానే చీటీ ఒకవైపు, కవరు ఒకవైపు పోతాయి కాబట్టి కింద నీ పూర్తి పేరు, ఊరు రాయి. ఉత్త “నీ ఫ్రెండ్” అని రాస్తే ఎవడని వెతుక్కుంటారు. చీటీని నోట్లకు పిన్ను కొట్టొద్దు, లాగేటప్పుడు రెండూ చిరుగుతాయి. నోట్లను మధ్యలో పెట్టి చీటీని చుట్టూ మడిస్తే, డబ్బు తీయాలంటే ముందు దాన్ని విప్పాల్సిందే.

ముహూర్తం తెల్లవారుజామున అన్నావు. మండపం బయట స్కూటర్ సీటు మీద పెట్టి గీకకుండా ముందురోజే రాసి జేబులో పెట్టుకో.

ఉంటాను,
మీ అన్న