ఫంక్షన్ హాల్ బ్రోచర్‌లో పాయింట్లన్నీ ఒక తీరుగా రావాలంటే

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్ దగ్గర మా బాబాయి వాళ్ల ఫంక్షన్ హాల్‌కి బ్రోచర్ చేస్తున్నా. సౌకర్యాలన్నీ పాయింట్లుగా రాశాను గానీ చూస్తే గజిబిజిగా ఉంది. ఫాంట్ మారిస్తే సరిపోతుందా?

జవాబు: ఫాంట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి, ముందు ప్రతి పాయింట్ చివరి మాట చూడండి. నేను చిక్కడపల్లిలో డీటీపీ పని చేస్తాను. కిందటేడు ఒక ఫంక్షన్ హాల్ ఓనర్ గారు కాగితం మీద రాసి ఇచ్చినవి ఇలా ఉన్నాయి:

• ఏసీ హాలు
• మా వద్ద వెజ్, నాన్‌వెజ్ భోజనములు ఆర్డరుపై తయారు చేయబడును
• విశాలమైన పార్కింగ్ కలదు
• డెకరేషన్ మీరే చేయించుకోవచ్చు
• ముహూర్తాలు అయిపోకముందే బుక్ చేసుకోండి

ఒకటి ఉత్త పేరు, ఒకటి వాళ్లు చేసే పని, ఒకటి అక్కడ ఉన్న వస్తువు, ఒకటి మనకిచ్చే అనుమతి, చివరిది ఏకంగా ఆర్డర్. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కదా, అందుకే ఎవరు ఏం చేస్తారో లైను అయిపోయేదాకా తెలీదు, తెలిసేసరికి కింది లైన్లో మళ్లీ మనిషి మారిపోతాడు. గజిబిజి అంతా అక్కడే.

చాలామంది అన్నిటికీ 'కలదు' తగిలించేస్తారు. తోక కలుస్తుంది నిజమే, కానీ పది లైన్ల కింద పది 'కలదు'లు చూడ్డానికి కరపత్రంలా ఉంటుంది. నేను ఆ తోకను పైకి తీసుకెళ్లి 'మా హాల్లో ఉన్నవి' అని శీర్షిక చేసేస్తాను. ఆ శీర్షిక కింద ఒక్కో పాయింట్ కలిపి చదువుతాను, అతకనిది ఆ జాబితాది కాదు. డెకరేషన్ పాయింట్ అలాగే బయటికి వెళ్లి కింద మామూలు వాక్యమైంది, బుకింగ్ మాట ఫోన్ నంబర్ పక్కకు చేరింది.

మిగిలినవాటిని మొదట '600 మందికి ఏసీ హాలు, 80 కార్లకు పార్కింగ్' అని రాశాను. వ్యాకరణం చక్కగా కుదిరింది గానీ నచ్చలేదు. పెళ్లివాళ్లు బ్రోచర్ తెరిచి వెతికేది 'పార్కింగ్' అనే మాట కోసం, వాళ్ల కన్ను ఎడమ అంచున పైనుంచి కిందికి దిగుతుంది, అక్కడేమో వట్టి అంకెలు, 'మందికి'లు. అందుకని తిప్పేశాను:

• ఏసీ హాలు – 600 మందికి
• డైనింగ్ హాలు – 200 మందికి
• పార్కింగ్ – 80 కార్లకు
• ఏసీ గదులు – పెళ్లివారికి 4
• భోజనాలు – వెజ్, నాన్‌వెజ్

ముందు వస్తువు, గీత, తర్వాత ఎంత లేదా ఏ రకం. అంతకుమించి ఏమీ లేదు.

ఇక పొడవు. ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టి మూడు భాగాలుగా మడిస్తే ఒక్కో భాగం సుమారు 99 మిల్లీమీటర్లు, అంచులు వదిలితే 83 మిగిలాయనుకోండి, నేను వాడే ఫాంట్‌లో 12 పాయింట్ల సైజుకి లైనుకు పాతిక అక్షరాలు పడతాయి. కంప్యూటర్ చూపించే క్యారెక్టర్ల లెక్క నమ్మొద్దు, 'స్త్రీ' మనకు ఒక అక్షరం, దానికి ఆరు. నోటితో లెక్కపెట్టండి, లేదా ప్రింట్ తీసి చూడండి. 'కలదు' లాంటి ఒక్క మాట రెండో లైన్లోకి జారి ఒంటరిగా కూర్చుందంటే ఆ పాయింట్‌ను కత్తిరించాలి. చిన్నగా ఉన్నదాన్ని మాత్రం 'విశాలమైన', 'అత్యాధునిక' అని ఉబ్బించకండి, పొట్టిగా ఉంటే ఉండనివ్వండి.

కత్తిరింపులో నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. అదే బ్రోచర్లో 'జనరేటర్ – లైట్లకు, ఫ్యాన్లకు మాత్రమే' అని ఉండేది, మిగతావాటికంటే పొడవుగా ఉందని 'జనరేటర్ – 24 గంటలు' చేసేశాను. మే నెలలో పెళ్లి మధ్యలో కరెంటు పోయింది, ఏసీలు ఆగాయి, పెళ్లికూతురి తండ్రి బ్రోచర్ చేతిలో పట్టుకుని ఓనర్ గారిని నిలదీశాడట. మర్నాడు ఓనర్ గారు నా షాపుకొచ్చి అన్న మాటలు ఇక్కడ రాయలేను. మళ్లీ ప్రింట్ వేసినప్పుడు ఆ షరతు తిరిగి పెట్టాను, 'జనరేటర్ – ఏసీలకు కాదు' అని. పదమూడు అక్షరాలు కూడా లేవు, మొదటిసారే తట్టి ఉండాల్సింది.